పొద్దున్న వ్యాయామానికి ముందూ తర్వాతా ఏం తినాలి

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గుణుపురంలో జిమ్‌లో చేరావనీ, బస్కీలు తీస్తుండగా కళ్ళు తిరిగాయనీ, మర్నాడు నానబెట్టిన శనగలు తిని వెళితే త్రేన్పులతో ఇబ్బందిపడ్డావనీ మీ అమ్మ చెప్పింది. రాత్రి ఎనిమిదింటికి భోజనం చేసి పొద్దున ఆరింటికి ఖాళీ కడుపుతో బరువులెత్తడం వల్ల మొదటి ఇబ్బంది వచ్చి ఉంటుంది. శనగల్లోని పీచు, మాంసకృత్తులు అరగంటలో అరగవు కనుక రెండోది వచ్చింది. శనగలు మంచివే, కానీ వాటి వేళ అది కాదు.

బయలుదేరే అరగంట ముందు ఒక అరటిపండు, ఒక గ్లాసు నీళ్ళు చాలు. పండు లేని రోజున, మీ బజారులో ముఢి అని అమ్మే మరమరాలు రెండు గుప్పెళ్ళు, చిన్న బెల్లం ముక్కతో తిను. ఆ వేళ వేరుశనగలు, పూరీలు, పకోడీలు వద్దు, ఎందుకంటే నూనె ఉన్న పదార్థం కడుపులోంచి ఆలస్యంగా కదులుతుంది. ఇలా తిన్నా కళ్ళు తిరుగుతుంటే వ్యాయామం ఆపి కూర్చో, మళ్ళీ మళ్ళీ వస్తే వైద్యుడికి చూపించుకో.

తిరిగొచ్చాక గంట, గంటన్నరలోపు కడుపునిండా తిను, నిమిషాలు లెక్కపెట్టుకుని పరుగెత్తనక్కర్లేదు. మూడు ఉడికించిన గుడ్లలో సుమారు 18 గ్రాముల మాంసకృత్తులుంటాయి, వాటితో అన్నమో, చద్దన్నం లాంటి పఖాళమో తింటే ఆ పూటకు సరిపోతుంది. కార్తీకంలో మీ ఇంట్లో గుడ్లు ముట్టరు కాబట్టి ఆ నెలంతా మీల్‌మేకర్ కూర చేయించుకో. ఎండువి 30 గ్రాములు తూచి నానబెడితే దాదాపు 15 గ్రాముల మాంసకృత్తులొస్తాయి. నా దృష్టిలో ఖర్చుకు తగిన ఫలితంలో దానికి సాటి లేదు. మొలకెత్తిన పెసలు ఆరోగ్యానికి మంచివే అయినా, వాటిలో నీరు ఎక్కువ కనుక గుప్పెడు మొలకలతో ఈ లోటు తీరదు.

అయితే ఆ ఒక్క పూటకన్నా రోజు మొత్తం లెక్క ముఖ్యం. నీ బరువు 55 కిలోలు కదా, కిలోకు 1.2 గ్రాముల చొప్పున రోజుకు 66 గ్రాములు కావాలి. పొద్దున గుడ్లు 18, మధ్యాహ్నం పప్పు 11, సాయంత్రం 50 గ్రాముల వేయించిన శనగలు 10, రాత్రి మీల్‌మేకర్ 15, మూడు పూటల అన్నం కలిసి మరో 17 ఇస్తే 71 అవుతుంది. ఇందులో డబ్బా పొడి అవసరమే లేదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఈ లెక్క పాటించకూడదు.

పచ్చిగుడ్లు తాగితే బలమని జిమ్‌లో ఎవరైనా చెబితే వినకు. పచ్చిగా ఉన్నప్పుడు అందులోని మాంసకృత్తులు శరీరానికి తక్కువగా అందుతాయి, సాల్మొనెల్లా సోకే ప్రమాదం కూడా ఉంది. నీళ్ళు మరిగాక పది నిమిషాలు ఉడకనివ్వు.

నీ మేనమామ