ఉదయం వర్కౌట్ చేసేవాళ్ళకి హై కార్బ్ రోజు ముందురాత్రి నుంచే మొదలవ్వాలి

ప్రశ్న: వారానికి నాలుగు రోజులు, పొద్దున ఆరింటికి జిమ్‌కి వెళ్తాను. వర్కౌట్ ఉన్న రోజు కార్బ్స్ ఎక్కువ, రెస్ట్ రోజు తక్కువ తింటున్నా, ప్రోటీన్ మాత్రం మార్చట్లేదు. కానీ లెగ్ డే వచ్చేసరికి ఒంట్లో సత్తువ ఉండట్లేదు. బరువు ఒకరోజు కిలో తగ్గుతోంది, మర్నాటికి మళ్ళీ పెరుగుతోంది. నేను ఎక్కడ తప్పు చేస్తున్నాను?

మీ లెక్క బహుశా సరిగ్గానే ఉండి ఉంటుంది. తేడా అంతా ఆ కార్బ్స్ ఏ పూట తింటున్నారన్న దగ్గర వస్తోంది. నేను కూడా పొద్దున్నే వర్కౌట్ చేసేవాణ్ణి, కొన్నేళ్లుగా ఇదే పద్ధతిలో తింటున్నాను. జిమ్‌లో తోటివాళ్ళు అడిగితే వాళ్ళకీ లెక్క వేసి ఇస్తుంటాను. వాళ్ళలో పొద్దున వచ్చే వాళ్ళకి ఎక్కువగా ఎదురయ్యేది మీరు చెప్పిన ఇబ్బందే.

ఆరింటికి స్క్వాట్ రాక్ కింద నిలబడే మనిషి ఆ రోజు తినబోయే కార్బ్స్‌తో వర్కౌట్ చేయడు. అప్పటికి కడుపులో ఏమీ ఉండదు, ఉన్నా ఒక పండు ఉంటుందేమో. బరువులు ఎత్తేటప్పుడు కండరాలు వాడుకునేది ముందు నుంచీ వాటిలో నిల్వ ఉన్న గ్లైకోజెన్‌ని, అంటే కార్బ్స్ నుంచి ఒంట్లో దాచుకున్న ఇంధనాన్ని. అది నిన్నా మొన్నా తిన్నదాంట్లోంచి చేరినది. ఇక లివర్‌లో ఉండే నిల్వ చాలా చిన్నది, సుమారు 100 గ్రాములు. రక్తంలో చక్కెర పడిపోకుండా రాత్రంతా కాపాడేది అదే కాబట్టి తెల్లారేసరికి చాలావరకు ఖర్చయిపోతుంది. రెస్ట్ రోజు రాత్రి కార్బ్స్ బాగా తగ్గించి పడుకుంటే ఆ కొంచెం నిల్వ కూడా నిండకుండానే మీరు నిద్రపోతున్నారన్నమాట. లేచి ఖాళీ కడుపుతో అన్నిటికన్నా బరువైన సెషన్‌కి వెళ్తున్నారు. అది ముగించి ఇంటికొచ్చాక కార్బ్స్ బాగా తింటున్నారు, కానీ అప్పటికి సెషన్ అయిపోయింది.

సాయంత్రం వర్కౌట్ చేసేవాళ్ళకి ఈ సమస్య రాదు. టిఫిన్, భోజనం అయ్యాకే వాళ్ళు జిమ్‌కి వెళ్తారు కాబట్టి క్యాలెండర్‌లో ఉన్న రోజు ప్రకారం తిన్నా సరిపోతుంది. పొద్దున చేసేవాళ్ళు మాత్రం రోజుని రాత్రి భోజనం నుంచి లెక్కపెట్టుకోవాలి. ముందురోజు రాత్రి భోజనంతో మొదలై, వర్కౌట్ రోజు సాయంత్రం చిరుతిండితో ముగిసేది ఒక హై కార్బ్ రోజు అనుకోండి. మొత్తం కార్బ్స్ పెంచాల్సిన పని లేదు, జరిపితే చాలు.

ఒకరి లెక్క చూపిస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మా జిమ్‌లో ఒకతనికి నేను వేసి ఇచ్చినది ఇది. బరువు 75 కిలోలు. వారం సగటున రోజుకి 2500 కేలరీలు తింటే అతని బరువు నిలకడగా ఉంటుంది. కండ పోకుండా కొవ్వు తగ్గాలన్నది కోరిక కాబట్టి సగటున 350 తగ్గించి 2150 అనుకున్నాం, అంటే వారానికి సుమారు 15,000. ప్రోటీన్ కిలోకి 2 గ్రాముల చొప్పున రోజూ 150 గ్రాములు, ఏ రోజైనా అదే. కొవ్వు రోజూ 60 గ్రాములు. ఈ రెండింటికీ కలిపి 1140 కేలరీలు పోతాయి. వారం మొత్తంలో మిగిలిన సుమారు 7000 కేలరీలూ కార్బ్స్‌వే, గ్రాముల్లో చెప్పాలంటే దాదాపు 1760. నాలుగు వర్కౌట్ రోజులకి 320 చొప్పున, మూడు రెస్ట్ రోజులకి 160 చొప్పున పంచితే లెక్క సరిపోయింది. వర్కౌట్ రోజు 2420 కేలరీలు, రెస్ట్ రోజు 1780.

అతను సోమ, గురువారాల్లో కాళ్ళు, మంగళ, శనివారాల్లో పైభాగం చేస్తాడు. అంటే రెండు లెగ్ డేలూ రెస్ట్ రోజు మర్నాడే పడుతున్నాయి. అతని నోట్‌బుక్ తెరిచి చూస్తే సంగతి అక్కడే తెలిసింది. స్క్వాట్‌లో ఒకే బరువుతో మొదటి సెట్ ఎప్పుడూ 8 రెప్స్ వస్తున్నాయి. రెండో సెట్‌కి 6, మూడో సెట్‌కి 5. శనివారం పైభాగం రోజున కూడా చివరి సెట్‌కి ఇలాగే జారుతోంది, కానీ మంగళవారం బెంచ్ ప్రెస్‌లో 8, 8, 7 వస్తున్నాయి. మంగళవారానికి ముందు వచ్చేది సోమవారం, అది హై కార్బ్ రోజు. మొదటి సెట్ బాగుండి తర్వాతి సెట్లు కుప్పకూలుతున్నాయంటే ఎక్కువసార్లు కారణం ఇంధనమే. అదే మొదటి సెట్ నుంచే బరువు మోయలేనట్టు ఉంటే నిద్ర చాలకపోవడమో, అలసట పేరుకుపోవడమో అయి ఉండొచ్చు. అప్పుడు కార్బ్స్ జరిపినా పెద్దగా లాభం ఉండదు. మీరు కూడా ముందు ఈ ఒక్కటి చూసుకోండి.

తర్వాత అతని 320 గ్రాములని ఇలా పంచాం: ముందురోజు రాత్రి భోజనంలో 110, లేచాక వర్కౌట్‌కి అరగంట ముందు ఒక పండు రూపంలో 30, వర్కౌట్ అయ్యాక తినే టిఫిన్‌లో 100, మధ్యాహ్నం 80. సాయంత్రం చిరుతిండిలో ప్రోటీన్ తప్ప కార్బ్స్ దాదాపు ఉండవు. మర్నాడు రెస్ట్ అయితే ఆ రాత్రి భోజనంలో కార్బ్స్ 50 మాత్రమే, అక్కడి నుంచి లో కార్బ్ రోజు మొదలు. ఆ మర్నాడు టిఫిన్‌కి 40, మధ్యాహ్నం 50, సాయంత్రం 20. దానితో 160 అయిపోతుంది. మళ్ళీ ఆ రాత్రి 110. వారం మొత్తం తిండిలో ఒక్క గ్రాము కూడా పెరగలేదు. కొన్ని వారాల్లోనే స్క్వాట్ మూడో సెట్ 7కి వచ్చి అక్కడే నిలబడింది.

ఆ రాత్రి 110 గ్రాముల విషయంలో చాలామందికి ఒక భయం ఉంటుంది, రాత్రి తిన్న కార్బ్స్ కొవ్వైపోతాయని. వారం మొత్తం కేలరీలు తక్కువగా ఉన్నప్పుడు రాత్రి తిన్నారా పగలు తిన్నారా అన్నదాని వల్ల కొవ్వు లెక్క పెద్దగా మారదు. ఆ మాటకొస్తే ఇలా కొన్ని రోజులు కార్బ్స్ ఎక్కువ, కొన్ని రోజులు తక్కువ తినే కార్బ్ సైక్లింగ్ వల్ల కూడా అదనంగా కొవ్వు కరగదు. అవే కేలరీలు, అదే ప్రోటీన్ రోజూ సమానంగా తిన్నా కొవ్వు దాదాపు అంతే తగ్గుతుంది. ఈ పద్ధతితో వచ్చే లాభమల్లా తక్కువ తింటూ కూడా గట్టి సెషన్లని గట్టిగా చేయగలగడం. అది దక్కనప్పుడు ఈ లెక్కల కష్టం పడటం దేనికి? వారానికి రెండుసార్లు తేలికపాటి వర్కౌట్ చేసేవాళ్ళు నన్నడిగితే రోజూ ఒకేలా తినమనే చెప్తాను.

ఇక ప్రోటీన్ మార్చట్లేదన్నారు కదా, దాన్ని ఒకసారి నిజంగా లెక్కగట్టి చూడండి. అది ఎందుకు మారకూడదంటే, ఒక సెషన్ తర్వాత కండరం తనని తాను కట్టుకునే పని 24 నుంచి 48 గంటల దాకా సాగుతుంది. అంటే మీ రెస్ట్ రోజంతా ఆ పని నడుస్తూనే ఉంటుంది. పైగా ఆ రోజు కేలరీలు, కార్బ్స్ రెండూ తక్కువ కాబట్టి తిన్న ప్రోటీన్‌లో కొంత శక్తి కోసం ఖర్చయ్యే అవకాశం కూడా ఎక్కువ. తగ్గించడానికి అంతకన్నా పనికిరాని రోజు ఉండదు.

కానీ తెలియకుండానే తగ్గిపోతుంది. మనం కార్బ్స్ అని పిలిచే తిండిలో ప్రోటీన్ కూడా ఉంటుంది. ఓట్స్‌నే తీసుకోండి: 160 గ్రాముల కార్బ్స్ తగ్గించాలంటే సుమారు 240 గ్రాముల ఓట్స్ మానాలి. వాటితోపాటు 30 గ్రాముల ప్రోటీన్ కూడా పోతుంది. బంగాళాదుంప అయితే అంత పోదు, పప్పుధాన్యాలైతే ఇంకా ఎక్కువ పోతుంది. గుడ్లు, మాంసం, ప్రోటీన్ పొడి మాత్రమే లెక్కపెట్టి ‘రోజూ అంతే తింటున్నా’ అనుకునేవాళ్ళకి రెస్ట్ రోజు 150 కాస్తా 120 అవుతుంది. దాన్ని కార్బ్స్ లేని, కొవ్వు తక్కువ ఉన్న దానితో పూడ్చాలి. కోడి రొమ్ము మాంసం వండాక 100 గ్రాములు తింటే ఆ 30 వచ్చేస్తుంది. మాంసం తినని వాళ్ళకి ఒక స్కూప్ వే ప్రోటీన్ దాదాపు సరిపోతుంది. పూడ్చినప్పుడు వచ్చే కేలరీలు కొత్తవేమీ కావు, 150 గ్రాముల ప్రోటీన్‌కి పోయే 600 కేలరీల్లో ముందే లెక్కేసినవే.

బరువు సంగతి. ప్రతి గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. లో కార్బ్ రోజున నిల్వ 200 గ్రాములు తగ్గిందనుకుంటే నీటితో కలిపి 800 గ్రాములు. కడుపులో తిండి, ఉప్పు కూడా తక్కువే కాబట్టి ముల్లు కిలో కిందికి దిగుతుంది. మర్నాడు కార్బ్స్ తినగానే అంతా తిరిగొస్తుంది. అతను వేసుకున్న 350 కేలరీల లోటుకి వారంలో నిజంగా తగ్గే కొవ్వు దాదాపు 300 గ్రాములు. రోజువారీ ఊపు కిలో ఉన్నప్పుడు ఆ 300 గ్రాములు కంటికి కనిపించవు. అందుకని రెస్ట్ రోజు మర్నాటి అంకె చూసి సంతోషపడొద్దు, హై కార్బ్ రోజు మర్నాటి అంకె చూసి టెన్షన్ పడి తిండి కోసేయొద్దు. ఏడు రోజుల సగటు తీసి దాన్ని ముందు వారం సగటుతో పోల్చండి. రోజూ తూచుకోవడం కుదరకపోతే వారానికి ఒకే రోజున, లేచిన వెంటనే తూచుకుని ఆ అంకెలనే పోల్చుకోండి.

మూడు వారాల సగటు కదలకపోతే అప్పుడు తగ్గించండి. అప్పుడు కూడా ప్రోటీన్‌ని, లెగ్ డే ముందు రాత్రి భోజనాన్ని ముట్టుకోకండి. నేనైతే ముందు పైభాగం రోజుల మధ్యాహ్నం నుంచి 30, 40 గ్రాములు తీస్తాను, ఎందుకంటే ఆ సెషన్లకి అంత ఇంధనం అక్కర్లేదు. రెస్ట్ రోజు 160ని ఇంకా కిందికి తీసుకెళ్ళడం నాకు ఇష్టం ఉండదు. అప్పుడు ఆకలి మర్నాటికి పాకి, హై కార్బ్ రోజున లెక్క దాటించేస్తుంది.

షుగర్ ఉండి ఇన్సులిన్ గానీ, రక్తంలో చక్కెరని తగ్గించే మాత్రలు గానీ వాడుతుంటే మాత్రం ఇదేదీ సొంతంగా మొదలుపెట్టకండి. ఒక రోజు 320, ఇంకో రోజు 160 తింటూ మందు మాత్రం ఒకే డోసు వేసుకుంటే లో కార్బ్ రోజున చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ రోజుకి ఎంత డోసు అన్నది డాక్టర్‌తో తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు కూడా కిలోకి 2 గ్రాముల ప్రోటీన్ అన్నది డాక్టర్‌ని అడక్కుండా తినొద్దు.