మంట తగ్గాకే, ఒక్కొక్కటిగా

"మాది కడప. పొద్దున సాలిసిలిక్ ఫేస్‌వాష్, రాత్రి గ్లైకోలిక్ సీరం, దానిమీదే మొటిమల మందు అడాపలీన్. ఇప్పుడు నీళ్లు తగిలినా మంట. ఏది మానాలి?"

అక్కా, ప్రస్తుతానికి మూడూ ఆపండి. సాలిసిలిక్, గ్లైకోలిక్ ఆమ్లాలు చర్మం పైపొరలోని మృతకణాల పట్టు వదిలిస్తాయి. అడాపలీన్ మొదటి వారాల్లో ఆ పొరనే పల్చబరుస్తుంది. రెండూ ఒకే రాత్రి పడితే చర్మంలో తేమ నిలవదు. ఈ మంటను మందు పనిచేస్తోందనుకుని ఓర్చుకుంటారు చాలామంది, అదే చిక్కు.

మంట పూర్తిగా పోయేదాకా, మామూలుగా రెండు మూడు వారాలు, సాదా ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్ చాలు. మన ఎండలకు పగలు సన్‌స్క్రీన్ మాత్రం మానొద్దు. తర్వాత సోమ, గురువారాల రాత్రి బాగా ఆరిన ముఖానికి బఠాణీ గింజంత అడాపలీన్. నెలపాటు తట్టుకుంటేనే శనివారం గ్లైకోలిక్ చేర్చండి. మిగతా రాత్రులు మాయిశ్చరైజరే. గర్భవతులైతే అడాపలీన్ వద్దు. వాపు, రసి కనిపిస్తే చర్మ డాక్టరుకు చూపించండి.