సగానికి తగ్గే సమయం ప్రతిసారీ ఎందుకు పెరుగుతోంది?

ప్రశ్న: బేరియం-137ఎం ద్రవాన్ని గైగర్ కౌంటర్ కింద పెట్టి 15 నిమిషాలు లెక్కించి గ్రాఫు గీశాను. నిమిషానికి 440 నుంచి 220కి దిగడానికి 176 సెకన్లు, 220 నుంచి 110కి 208, 110 నుంచి 55కి 340 సెకన్లు పట్టాయి. అర్ధాయువు మారకూడదు కదా? మూడింటి సగటు తీసుకోవచ్చా?

జవాబు: సగటు తీయకండి. డిగ్రీలో నేను తీశాను. రికార్డు చూసిన మా అధ్యాపకుడు ఒకే ప్రశ్న వేశారు: "ద్రవం లేకుండా కౌంటర్ ఎంత చూపింది?" నేను చూడనే లేదు.

మీ వక్రరేఖ సున్నా వైపు కాకుండా 40 వైపు దిగుతోందని నా అనుమానం. మట్టి, గోడలు, ఆకాశం నుంచి వచ్చే నేపథ్య వికిరణాన్నీ కౌంటర్ కలిపే లెక్కిస్తుంది. అది తగ్గదు. 440లో 40 నేపథ్యమైతే బేరియం వాటా 400. మీరు చదివిన 220 దగ్గర ఆ వాటా 180, అంటే సగం దాటిపోయింది. 55 దగ్గర మిగిలింది 15 మాత్రమే. కిందికి వెళ్లేకొద్దీ తప్పు పెరగడానికి కారణం ఇదే. గణాంకాల్లో సహజంగా వచ్చే ఎగుడుదిగుడులైతే విలువలు అటూ ఇటూ ఊగుతాయి, మీవి ఒకే దిశలో పెరుగుతున్నాయి.

ప్రతి కొలతలోంచీ 40 తీసేసి మళ్లీ గీయండి. 400 నుంచి 200కి సుమారు 153 సెకన్లు, 200 నుంచి 100కి మళ్లీ 153 రావాలి. ఈ కేంద్రకానికి తెలిసిన విలువ కూడా దాదాపు అదే, 2.55 నిమిషాలు. 400 దగ్గరే మొదలుపెట్టనవసరం లేదు. 300 నుంచి 150కి చదివినా అంతే వస్తుంది, నేనైతే అలా రెండు మూడు చోట్ల చదివి చూస్తాను. చదివేది బిందువుల మధ్యగా గీసిన నునుపైన రేఖ మీద, విడి బిందువుల మీద కాదు. చివరి భాగాన్ని అసలు నమ్మకండి. అరనిమిషంలో 25 వచ్చిన చోట 5 అటూ ఇటూ కావడం మామూలే.

40 అన్నది మీ అంకెల నుంచి నేను ఊహించినది, మీరు కొలవాలి. గిన్నెను కదపకుండా అరగంట ఆగి, పది నిమిషాలు లెక్కించి సగటు తీయండి. అప్పటికి పదకొండు అర్ధాయువులు దాటతాయి కాబట్టి బేరియం దాదాపు ఉండదు. ఖాళీ బల్ల మీద కొలవడం కన్నా ఇది మేలు, ఎందుకంటే బేరియం పుట్టే మూలమైన సీజియం-137 ద్రవంతోపాటు కొంచెం జారి వచ్చి ఉంటే (దాని అర్ధాయువు సుమారు 30 ఏళ్లు) అదీ ఈ లెక్కలోకే వస్తుంది.

తీసివేత సరిగ్గా ఉందో లేదో తేలాలంటే మిగిలిన విలువల సంవర్గమానాన్ని కాలానికి ఎదురుగా గీయండి. సరళరేఖ వస్తే సరే. చివర పైకి వంగి చదునైతే తక్కువ తీసేశారు, కిందికి వాలిపోతే ఎక్కువ తీసేశారు.