ల్యాప్‌టాప్‌కి రెండు పిన్నుల అడాప్టర్

“రూములో రెండు పిన్నుల సాకెట్టే ఉంది. ఛార్జర్‌కి అడాప్టర్ తగిలించాను. ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోంది, టెస్టర్ కూడా వెలుగుతోంది. ప్రమాదమా?”

ఆ జివ్వుమనడం మాత్రమే అయితే ప్రాణాపాయం కాదండీ. ఛార్జర్ లోపల రేడియో గోలను ఆపడానికి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా కొద్దిగా కరెంటు లీకవుతుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మెటల్ బాడీ మీదే నిలుస్తుంది. మల్టీమీటర్ పెడితే వంద వోల్టుల దాకా చూపించినా, వచ్చే కరెంటు మామూలుగా ఒక మిల్లీయాంప్ లోపే. టెస్టర్ వెలగడానికి అంతకన్నా తక్కువే చాలు.

అసలు భయం వేరే. ఛార్జర్ లోపల ఇన్సులేషన్ పాడై ఫేజ్ బాడీకి తగిలితే, ఎర్త్ ఉన్నప్పుడు పెద్ద కరెంటు పారి ఎంసీబీ పడిపోతుంది. ఎర్త్ లేకపోతే ఏదీ పడదు, మీరు ముట్టుకునేదాకా తెలియదు. ఎర్త్‌కి కలిసే పెద్ద పిన్ను పొడవుగా ఉండేది అందుకే: ముందుగా తగలాలి, చివరగా ఊడాలి.

ముందు ఛార్జర్ లేబుల్ చూడండి. చతురస్రంలో చతురస్రం గుర్తు ఉంటే అది డబుల్ ఇన్సులేషన్ రకం, ఎర్త్ మీద ఆధారపడదు. మూడు పిన్నులుండి, ఆ గుర్తు లేకపోతే అడాప్టర్‌తో రోజూ వాడొద్దు. ఎలక్ట్రీషియన్‌తో మూడు పిన్నుల సాకెట్ పెట్టించి, ఎర్త్ వైరు నిజంగా కలిపాడో లేదో దగ్గరుండి చూడండి. మా పాత అద్దింట్లో ఆ పెద్ద రంధ్రం వెనక వైరే లేదు!