సముద్రం దగ్గర కిటికీకి 25 మైక్రాన్లు ఉంటేనే చాలదు, సీలింగ్ సంగతి అడగండి

ప్రశ్న: "మా ఇల్లు సముద్రానికి చాలా దగ్గర. థర్మల్ బ్రేక్ ఉన్న అల్యూమినియం కిటికీలు, 25 మైక్రాన్ల అనోడైజింగ్‌తో పెట్టించుకోమంటున్నారు. అవి పాడవకుండా ఉంటాయా?"

25 మైక్రాన్లు సరైన అంకే, అంతకు తగ్గితే ఒప్పుకోకండి. కానీ ఆ ఒక్క అంకె చూసి ఆర్డర్ ఇచ్చేస్తే కష్టం. పొర ఎంత మందంగా ఉందో మీటర్ చెబుతుంది. ఆ పొరలో రంధ్రాలు మూసుకున్నాయో లేదో మీటర్ చెప్పదు.

అనోడైజింగ్ అంటే అల్యూమినియం మీద కరెంటుతో ఆక్సైడ్ పొర పెంచడం. ఆ ట్యాంకులో సల్ఫ్యూరిక్ ఆమ్లం సుమారు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. చదరపు డెసిమీటరుకు ఒకటిన్నర ఆంపియర్ కరెంటు పంపితే నిమిషానికి దాదాపు 0.45 మైక్రాన్ పొర పెరుగుతుంది. అంటే 25 మైక్రాన్లకు 55 నిమిషాలు. ఇలా పెరిగిన పొర తేనెపట్టులా ఉంటుంది, నిండా కంటికి కనిపించని సన్నటి గొట్టాలు. వాటిని మూయడమే సీలింగ్. దాదాపు మరుగుతున్న శుద్ధమైన నీటిలో ఉంచితే ఆక్సైడ్ నీటిని పీల్చుకుని ఉబ్బి, ఆ గొట్టాల నోళ్లు మూసుకుపోతాయి. దీనికి మైక్రాన్‌కు మూడు నిమిషాల చొప్పున లెక్క వేసుకోవాలి. 25 మైక్రాన్లకు గంటా పదిహేను నిమిషాలు! అనోడైజింగ్ కన్నా సీలింగ్‌కే ఎక్కువ సమయం పడుతుంది, అందుకే తొందరపడేది కూడా ఇక్కడే. అరగంటకే బయటికి తీసినా మీటర్ మీద 25 అనే కనిపిస్తుంది, మెరుపు కూడా అలాగే ఉంటుంది. ఉప్పు మాత్రం తెరిచి ఉన్న గొట్టాల్లోకి దిగుతుంది. (చల్లటి నికెల్ ఫ్లోరైడ్ ద్రావణంతో చేసే సీలింగ్ ఇంకో పద్ధతి, సరిగ్గా చేస్తే అదీ మంచిదే.)

పట్టుకోవడం ఎలా? అనోడైజింగ్ చేసినవాళ్లను రంగు చుక్క పరీక్ష చేసి చూపించమనండి. శుభ్రం చేసిన పొర మీద ముందు ఆమ్లం చుక్క ఒక నిమిషం ఉంచి తుడుస్తారు. తర్వాత రంగు చుక్క ఒక నిమిషం ఉంచి, కడిగి, మెత్తటి పొడితో రుద్దుతారు. మరక దాదాపు కనిపించకపోతే సీలింగ్ బాగుంది, ముదురుగా మిగిలితే ఆ లాట్ వెనక్కి పంపాల్సిందే. కచ్చితమైన లెక్క కావాలంటే ఫాస్ఫారిక్ ఆమ్లంలో ముంచి బరువు తగ్గుదల చూస్తారు. అది చదరపు డెసిమీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు.

ఇక అసలు దెబ్బ ఎక్కడ పడుతుందో చూడండి. సముద్రం దగ్గర కొన్నేళ్లు గడిచిన స్లైడింగ్ కిటికీ తీసుకుంటే, ముందు వైపు ముఖం నిగనిగలాడుతూనే ఉంటుంది. కింది ట్రాక్ మూలలో, రెండు ముక్కలు 45 డిగ్రీల కోతతో కలిసే గీత వెంట తెల్లటి పొడి గట్టిపడి ఉంటుంది. గోటితో గీరితే కింద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు కనిపిస్తాయి. నీళ్లు పోయే రంధ్రాల అంచులదీ అదే పరిస్థితి. కారణం సులువు. సెక్షన్‌ను పూర్తి పొడవు మీద అనోడైజ్ చేసి, తర్వాత కోస్తారు, రంధ్రాలు కొడతారు. అలా కోసిన చోట 25 మైక్రాన్లు కాదు కదా, ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. గాలికి సహజంగా పట్టే ఆక్సైడ్ పొర ఒక్కటే దిక్కు, అది కొన్ని నానోమీటర్లే. ఉప్పులోని క్లోరైడ్ దాన్ని తేలిగ్గా ఛేదిస్తుంది.

పైగా మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటగానే తనంతట తానే నీరు పీల్చుకుని కరుగుతుంది. వాన పడకపోయినా ట్రాక్ మూలలో ఉప్పునీరు తయారవుతుంది. ముఖాన్ని వాన కడుగుతుంది, మూలను కడగదు.

అందుకని మీ వాళ్లను ఒకటే అడగండి: ముందు కోసి, రంధ్రాలన్నీ కొట్టి, ఆ తర్వాత అనోడైజ్ చేయించగలరా? అదే ఉత్తమం. కుదరదంటే, మూల బిగించే ముందు కోత ముఖం మొత్తానికి జాయింట్ సీలెంట్ పూయాలి. బిగించాక బయటి నుంచి సిలికాన్ గీత లాగితే లోపలి కోత పచ్చిగానే ఉండిపోతుంది. రంధ్రాల అంచులను అరగదీసి, రెండు భాగాల ఎపాక్సీ పూత వేయాలి. రంధ్రం వెడల్పు 5-6 మిల్లీమీటర్ల కన్నా సన్నగా ఉంటే తలతన్యత వల్ల నీటి చుక్క అక్కడే వేలాడుతుంది, ఉప్పును కూడా అక్కడే వదులుతుంది.

థర్మల్ బ్రేక్ అంటే ఫ్రేమ్ లోపలి సగాన్నీ బయటి సగాన్నీ విడదీసే పట్టీ, అది వేడిని ఆపడానికే కాదు. గదిలో ఏసీ నడుస్తుంటే బ్రేక్ లేని ఫ్రేమ్ బయటి ముఖం కూడా చల్లబడి, తేమ గాలికి దాని మీద మంచులా చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ ఉప్పును తడుపుతుంది. మధ్యలో 25 శాతం గాజు పీచు కలిపిన పాలిమైడ్ పట్టీ ఉంటే బయటి సగం బయటి గాలి వేడికి దగ్గరగా ఉంటుంది. పట్టీ పాలిమైడ్‌దే కావాలి. వేడికి అది దాదాపు అల్యూమినియం అంతే వ్యాకోచిస్తుంది. పీవీసీ పట్టీ అంతకు దాదాపు మూడు రెట్లు సాగుతుంది, కాలం గడిచేకొద్దీ పట్టు సడలుతుంది.

అనోడైజింగ్‌లో ఈ పట్టీ ఒక చిక్కు తెస్తుంది. పట్టీ విద్యుత్తును పోనివ్వదు కదా. బిగించేసిన సెక్షన్‌ను ట్యాంకులో వేలాడదీసి క్లిప్పు ఒక సగానికే పెడితే, రెండో సగానికి కరెంటు అందదు. దానికి పొర పట్టకపోగా ఆమ్లం దాన్ని కొరుకుతుంది. రెండు సగాలకూ క్లిప్పు పెట్టినా పట్టీ పక్క సందులో ఆమ్లం నిలిచి, తర్వాత నెమ్మదిగా కారి పట్టీ వెంట చారలు కడుతుంది. అందుకే రెండు సగాలనూ విడిగా అనోడైజ్ చేసి, ఆ తర్వాతే పట్టీ బిగించాలి. సరుకు వచ్చినప్పుడు మీటర్‌ను లోపలి సగం మీదా, బయటి సగం మీదా పెట్టి చూడండి. చాలామంది బయటి వైపు మాత్రమే కొలిచి సంతకం పెట్టేస్తారు, నాకు బాధ కలిగించే విషయం ఇదే.

స్క్రూలు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అయి ఉండాలి, తల కింద నైలాన్ వాషర్ పెట్టాలి. జింక్ పూత స్క్రూలు ఇక్కడ పనికిరావు. ఇత్తడి అసలు వద్దు, రాగి కలిసిన ఏ లోహమైనా తడిలో అల్యూమినియాన్ని తినేస్తుంది. స్క్రూ పట్టీని దాటి రెండు సగాలనూ కలిపేస్తే బ్రేక్ అక్కడ ఉన్నా లేనట్టే.

ఇక కట్టుబడి పని. తడి సిమెంటు క్షారం ఎంత మంచి సీలింగ్‌నైనా కరిగిస్తుంది, మచ్చ మళ్లీ పోదు. ప్లాస్టరింగ్ పూర్తయ్యాకే కిటికీ పెట్టించండి. పలకలు కడిగే ఆమ్లాన్ని దాని దరిదాపుల్లోకి రానివ్వకండి.

పెట్టాక మూడు నెలలకోసారి మంచినీళ్లు, తేలికపాటి సబ్బుతో కడగండి, ట్రాక్ మూలల్లో మెత్తటి బ్రష్ ఆడించి నీళ్లు రంధ్రాల గుండా బయటికి పోయేదాకా పోయండి. సన్‌షేడ్ కింద వాన తగలని కిటికీలను నెలకోసారి కడగండి, ముందు పాడయ్యేవి అవే.