దీప్తాంశ, జామిత్రం

సందేహం: ఫోన్‌లో పాశ్చాత్య జ్యోతిషం యాప్ ఒకటి తెలుగులో చూస్తుంటాను. అందులో మొన్న 'చంద్రుడు శనికి చదరం, గోళం 5 డిగ్రీలు' అని వచ్చింది. మా అన్న దాన్ని 'చంద్రుడు శనిని చతుర్థ దృష్టితో చూస్తున్నాడు' అని రాయాలంటాడు. ఏది సరి? ఆ గోళం ఏమిటి?
– ఒక పాఠకుడు, ఆదోని

సమాధానం: రెండూ సరికావు. యాప్‌ది భాష తప్పు, మీ అన్నగారిది శాస్త్రం తప్పు.

చదరం నేలను కొలిచే మాట. పోనీ చతురస్రం అందామంటే, మన జ్యోతిషంలో అది 4, 8 స్థానాలకు పేరు. పండితుడు చదివితే ఇంకో అర్థం చేసుకుంటాడు. గ్రహాల మధ్య 90 డిగ్రీలు ఉంటే 'కేంద్రం' అనడం నాకు నచ్చుతుంది. 1, 4, 7, 10 అన్నీ కేంద్రాలే కదా అని అడగవచ్చు, అందుకని '90 డిగ్రీల కేంద్రం' అని రాస్తే చాలు. రెండు గ్రహాలు ఒకచోట చేరితే యుతి, 120 డిగ్రీలకు త్రికోణం. వీటిలో గొడవ లేదు.

మీ అన్నగారి వాక్యం సంగతి చూద్దాం. యాప్‌లో చంద్రుడు మేషంలో 27 డిగ్రీల దగ్గర, శని సింహంలో 2 డిగ్రీల దగ్గర ఉన్నారనుకోండి. మేషం మొదటి నుంచి లెక్కిస్తే ఒకరు 27, ఇంకొకరు 122. మధ్య ఎడం 95 డిగ్రీలు. కేంద్రానికి 90 కావాలి, 5 ఎక్కువైంది. యాప్ చెప్పిన 5 ఇదే. రాశులు లెక్కపెడితే మాత్రం మేషానికి సింహం ఐదోది, నాలుగోది కాదు. ఇప్పుడు మన పంచాంగం తెరవండి. పాశ్చాత్యుల మేషం మొదలుకూ మన మేషం మొదలుకూ ఉన్న తేడాను అయనాంశ అంటారు, ఆ సుమారు 24 డిగ్రీలు తీసేస్తే చంద్రుడు మేషంలో 3 దగ్గర, శని కర్కాటకంలో 8 దగ్గర ఉంటారు. ఎడం అదే 95, రాశి మాత్రం నాలుగోది అయింది. సరే, నాలుగే కదా అని సంతోషించకండి. మన శాస్త్రంలో నాలుగో ఇంటిని పూర్ణంగా చూసేది కుజుడు, చంద్రుడు కాదు. శనికి మూడు, ఏడు, పది పూర్ణ దృష్టులు. కర్కాటకం నుంచి పదోది మేషం. అంటే ఇక్కడ పూర్ణ దృష్టితో చూస్తున్నది శని, చూడబడుతున్నది చంద్రుడు. మీ అన్నగారి వాక్యంలో కర్త, కర్మ తారుమారయ్యాయి. పాశ్చాత్యుల లెక్కలో ఒకరు చూడటం, ఇంకొకరు చూడబడటం అనేది లేదు. కోణం ఇద్దరిదీ. అందుకే దానికి 'చూస్తున్నాడు' అనే క్రియ పెట్టకూడదు, 'ఇద్దరూ కేంద్రంలో ఉన్నారు' అనాలి. పేపర్లలో రాశిఫలాలు రాసేవాళ్లు ఈ రెండు పద్ధతులనూ కలిపి వాడేస్తున్నారు. కాస్త జాగ్రత్త పడాలి.

ఇక నాకు ఇష్టమైన మాటకు వస్తాను. 180 డిగ్రీల ఎదురు స్థితికి ఈమధ్య 'వ్యతిరేకత', 'ప్రతిపక్షం' అని రాస్తున్నారు. మా కర్నూలు జిల్లాలో పెండ్లి ముహూర్తం పెట్టించుకున్న ఏ ఇంట్లో అడిగినా అంతకంటే మంచి మాట దొరుకుతుంది: జామిత్రం. 'జామిత్ర శుద్ధి ఉందా స్వామీ' అని అడిగి మరీ లగ్నం ఖాయం చేసుకుంటారు. ఈ మాట గ్రీకు 'డయామెట్రోన్' నుంచి వచ్చింది. వృత్తాన్ని ఒక కొన నుంచి ఎదుటి కొనకు అడ్డంగా కొలిచే గీత అని అర్థం. లగ్నానికి సరిగ్గా ఎదురుగా ఉండేది ఏడో స్థానం కాబట్టి దానికి ఆ పేరు నిలిచింది. కుమారసంభవం ఏడో సర్గ మొదటి శ్లోకంలో, పార్వతి పెండ్లికి హిమవంతుడు ఏర్పాట్లు మొదలుపెట్టిన రోజును చెబుతూ కాళిదాసు 'తిథౌ చ జామిత్రగుణాన్వితాయామ్' అన్నాడు. చంద్రుడు పెరుగుతున్న పక్షం, జామిత్రం శుద్ధిగా ఉన్న తిథి. పరాయి దేశపు మాట అని మహాకవి సందేహించలేదు. అప్పటికే అది ఇంటి మాట అయిపోయి ఉండాలి. కాళిదాసు కాలం తేల్చడానికి పండితులు ఈ ఒక్క మాటనూ ఆధారంగా పట్టుకున్నారంటే దాని బరువు తెలుస్తుంది. అటువంటి మాట చేతిలో ఉంచుకుని 'వ్యతిరేకత' అని రాయడం నాకు బాధ కలిగిస్తుంది.

జామిత్రాన్ని ఇంత సేపు పట్టుకున్నది అభిమానంతోనే కాదు. మీ గోళం సంగతీ అందులోనే ఉంది. ముహూర్త శాస్త్రం జామిత్రాన్ని రెండు విధాలుగా చూస్తుంది. ఏడో రాశిలో గ్రహం ఎక్కడున్నా దోషమే అనేది ఒక లెక్క. లగ్నమో చంద్రుడో ఉన్న నవాంశ నుంచి 55వ నవాంశలో ఉంటేనే దోషం అనేది రెండో లెక్క. నవాంశ అంటే 3 డిగ్రీల 20 నిమిషాలు. 54 నవాంశలు దాటితే సరిగ్గా 180 డిగ్రీలు అవుతుంది, 55వది అక్కడ మొదలవుతుంది. మొదటి లెక్క 30 డిగ్రీల సందు ఇస్తుంది, రెండోది మూడున్నర కూడా ఇవ్వదు. కోణం ఎంత తప్పితే ఇంకా కోణమే అనాలి అన్న ప్రశ్న మనవాళ్లకూ ఉందన్నమాట. పాశ్చాత్యులు 'ఆర్బ్' అనేది దీన్నే. నిఘంటువులో ఆ మాటకు గోళం అని ఉంటుంది కాబట్టి యాప్‌వాళ్లు అదే దించేశారు.

దీనికి సరైన మాట దీప్తాంశ. అరబ్బుల నుంచి వచ్చిన తాజిక పద్ధతిని సంస్కృతంలో కూర్చిన నీలకంఠుడు 1587లో ఈ మాటనే వాడాడు. గ్రహం వెలుగు చుట్టూ ఎన్ని అంశలు పరుచుకుంటుందో అది దాని దీప్తాంశ. రవికి 15, చంద్రుడికి 12, శనికి 9. లండన్‌లో జ్యోతిష్కుడు విలియం లిల్లీ 1647లో అచ్చు వేసిన పట్టికలోనూ ఈ మూడు అంకెలూ కనిపిస్తాయి. ఇద్దరికీ మూలం ఒకటే, అరబ్బు గ్రంథాలు.

లిల్లీ పద్ధతిలో ఇద్దరి దీప్తాంశల్లో సగం సగం తీసి కలుపుతారు. చంద్రుడి 12లో సగం 6, శని 9లో సగం నాలుగున్నర, మొత్తం పదిన్నర. మన ఉదాహరణలో తేడా 5, పదిన్నరలో సగం కూడా కాదు, కాబట్టి బలం బాగానే ఉంది. ఈనాటి పాశ్చాత్యులు చాలామంది హద్దును గ్రహానికి కాక కోణానికి కడతారు. కేంద్రానికి 6 డిగ్రీలే ఇచ్చేవారి లెక్కలో అదే 5 అంచుకు చేరుతుంది, బలం తగ్గిపోతుంది. అదే జాతకం, అవే గ్రహాలు, హద్దు మారితే ఫలం మారుతుంది. కాబట్టి యాప్ ఏ హద్దు వాడుతోందో సెట్టింగ్స్‌లో చూడకుండా బలాబలాలు చెప్పకూడదు.

హద్దుకూ తేడాకూ ఒకే మాట వాడటం ఇంకో చిక్కు. యాప్ రాసిన 5 తేడా మాత్రమే, హద్దు కాదు. దానికి 'తేడా' అంటే చాలు, దీప్తాంశను హద్దుకే ఉంచండి. కోణానికి కట్టే హద్దును కూడా దీప్తాంశ అనవచ్చా అంటే నాకూ కొంచెం సంకోచమే, ఆ మాట గ్రహం వెలుగుకు సంబంధించింది. అయినా గోళం కంటే వెయ్యి రెట్లు మేలు.

ఆ 5 డిగ్రీలు ఎటువైపో కూడా రాయాలి. చంద్రుడు రోజుకు సుమారు 13 డిగ్రీలు నడుస్తాడు, శని దాదాపు కదలడు. చంద్రుడు ఇంకో 5 డిగ్రీలు నడిచి వృషభంలో 2 దగ్గరకు వస్తే సరిగ్గా 90 అవుతుంది, తొమ్మిది గంటల పైచిలుకు పడుతుంది. ఇలా కోణానికి దగ్గరవుతుంటే తాజికంలో ఇత్థశాల, దాటిపోతుంటే ఈసరాఫం. మొదటిది అరబ్బీ 'ఇత్తిసాల్', కలయిక అని అర్థం. చంద్రుడు వృషభంలో 7 దగ్గర ఉంటే అప్పుడూ తేడా 5 డిగ్రీలే, కానీ కోణం దాటిపోయింది కాబట్టి బలం తక్కువని చెబుతారు.

మీరు ఇలా రాసుకోవచ్చు: 'చంద్రుడు, శని 90 డిగ్రీల కేంద్రానికి 5 డిగ్రీల తేడాతో, దీప్తాంశ లోపల, ఇత్థశాలలో ఉన్నారు.' యాప్ ప్రకారం ఇద్దరూ ఒకరికొకరు ఐదో, తొమ్మిదో రాశుల్లో ఉండగా దాన్ని కేంద్రం అనవచ్చా అన్నది మాత్రం పాశ్చాత్యుల్లోనే తేలలేదు. రెండో శతాబ్దపు గ్రీకు జ్యోతిష్కుడు టాలెమీ కోణాలను రాశుల మధ్యే చెప్పాడు. ఆ దారి పట్టినవారు ఒప్పుకోరు. డిగ్రీలే ప్రమాణం అనేవారు ఒప్పుకుంటారు, బలం కొంత తగ్గించి.