ఓనరు అద్దె తీసుకోనంటే ఏం చెయ్యాలి: మేనల్లుడికి ఉత్తరం

చి. శ్రీనుకు,

మీ అమ్మ ఫోన్ చేసి విషయమంతా చెప్పింది. మడిగె ఓనరు పెద్దాయన మంచం పట్టాక వ్యవహారాలన్నీ కొడుకు చేతికి వచ్చాయనీ, ఇవాళ 5వ తేదీన నువ్వు జూన్ అద్దె పట్టుకెళ్తే "అద్దె వద్దు, దుకాణం ఖాళీ చెయ్" అని పంపేశాడనీ తెలిసింది. "ఇవ్వబోయాను, తీసుకోలేదు, ఇక నా తప్పేముంది" అన్నావట. ఆ మాట దగ్గరే నాకు భయం వేసింది. ప్లీడరు గుమస్తాగా ఇన్నేళ్ళు రెంట్ కేసుల కట్టలు మోశాను. అద్దె ఎగ్గొట్టే ఉద్దేశం ఏమాత్రం లేనివాళ్ళు కూడా సరిగ్గా ఇలా అనుకునే దుకాణాలు పోగొట్టుకోవడం చూశాను. ఇవాళ తీసుకోనన్న మనిషే ఆరు నెలలు ఆగి, "అద్దె కట్టడం లేదు" అని, అద్దె తగాదాలు తేల్చే రెంట్ కంట్రోలర్ దగ్గర పిటిషన్ వేస్తాడు. ఆ రోజు నీ చేతిలో కాగితం ఉండాలి. మాట పనికిరాదు.

ముందు నీ మడిగె ఈ చట్టం కిందికి వస్తుందో రాదో చూడాలి. తెలంగాణలో ఇప్పటికీ నడుస్తున్నది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే. కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకూ, కట్టి 15 ఏళ్ళు నిండని భవనాలకూ అది వర్తించదు. నీ అద్దె 2,800, భవనమేమో మీ నాన్న చిన్నప్పటిది. కాబట్టి నువ్వు చట్టం లోపలే ఉన్నావు. నీ పక్కన కొత్త కాంప్లెక్సులో పదిహేను వేలు కట్టే అబ్బాయికి మాత్రం ఈ దారి చెప్పకు. అతనికి రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేసే వీలు లేదు. ప్రతినెలా ఓనరు ఖాతాలోకి బ్యాంకు ద్వారా పంపి, తిప్పి పంపితే ఆ స్టేట్‌మెంట్ దాచుకుని, లాయరు చేత నోటీసు ఇప్పించుకోవాలి.

నీ విషయానికొస్తే, చట్టంలో 8వ సెక్షన్ ఉంది. ఓనరు అద్దె తీసుకోనన్నా, తప్పించుకు తిరిగినా కిరాయిదారు ఏం చెయ్యాలో అందులో మెట్లు మెట్లుగా రాసి ఉంది. మొదట నోటీసు, తర్వాత మనియార్డరు, ఆ తర్వాతే డిపాజిట్. చాలామంది నేరుగా కోర్టుకు వెళ్ళి డబ్బు కట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు. తమిళనాడు పాత అద్దె చట్టంలోనూ ఇదే వరసతో సెక్షన్ ఉండేది. అక్కడి కిరాయిదారు ఒకాయన ముందు మెట్లు ఎక్కకుండా కోర్టులో డబ్బు కట్టేస్తే, ఆ డిపాజిట్ చెల్లదని 2002లో సుప్రీంకోర్టు తేల్చింది. అంతకు ముందు 1996లో మన ఉమ్మడి రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులో కూడా, ఓనరు తప్పించుకుంటున్నప్పుడు కిరాయిదారు ఈ 8వ సెక్షన్ దారిలోనే వెళ్ళాలని చెప్పింది. అందుకని ఒక్క మెట్టు కూడా దాటవెయ్యకు.

మొదటిది నోటీసు. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా రాస్తే చాలు: "ఫలానా నంబరు మడిగెకు జూన్ నెల అద్దె రూ. 2,800 జులై 5న మీకు ఇవ్వబోగా తీసుకోలేదు. ఈ నోటీసు అందిన 10 రోజులలోగా, అద్దె జమ చేయడానికి ఈ ఊళ్ళోని ఒక బ్యాంకు పేరు, మీ ఖాతా వివరాలు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను." కింద తేదీ, సంతకం. బ్యాంకు పేరు అడిగే వాక్యమే దీనికి ప్రాణం. అది లేకుండా "అద్దె తీసుకోండి" అని పది పేజీలు రాసినా 8వ సెక్షన్ నోటీసు కాదు. అగ్రిమెంటు పెద్దాయన పేరు మీద ఉంది కనుక నోటీసు ఆయన పేరునే వెళ్ళాలి. కొడుక్కి ఇంకో కాపీ పంపు. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కౌంటర్లో రిజిస్ట్రేషన్‌తో, అందినట్టు రుజువు వచ్చేలా పంపమని అడుగు. రసీదు ఎండకు వెలిసిపోయే కాగితం. ఆ రోజే జిరాక్సు తీయించు. ఒకవేళ వాళ్ళు కవరు తీసుకోనని తిప్పి పంపితే బెంగపడకు. తీసుకోకపోయినా అందినట్టే లెక్క. తిరిగొచ్చిన కవరును విప్పకుండా అలాగే ఉంచు, కోర్టులో అదే సాక్ష్యం.

వాళ్ళు బ్యాంకు పేరు చెప్తే గొడవ లేదు, ప్రతినెలా అందులో వేసుకుంటూ పో. పది రోజుల్లో ఏమీ చెప్పకపోతే మనియార్డరు చెయ్యాలి. మనియార్డరు కమిషన్‌ను అద్దెలో మినహాయించుకోవచ్చని చట్టమే అంటుంది. కానీ ఆ పని చెయ్యొద్దు. ఇరవై రూపాయలకు రూపాయి చొప్పున నీ అద్దె మీద అయ్యేది 140 రూపాయలు. తక్కువ పంపావని రేపు వాదించే అవకాశం వాళ్ళకు ఇవ్వడం కంటే ఆ 140 నువ్వే పెట్టుకోవడం మేలు. సందేశం రాసే చోట "జూన్ నెల మడిగె అద్దె" అని స్పష్టంగా రాయి. లేకపోతే అది పాత బాకీకి వచ్చిందనో, అడ్వాన్సు కింద వచ్చిందనో అంటారు.

ఇక తేదీల సంగతి జాగ్రత్తగా చూడు, చాలామంది ఓడిపోయేది ఇక్కడే. నీ అగ్రిమెంటు ప్రకారం ఏ నెల అద్దె ఆ మరుసటి నెల 5వ తేదీ లోపు ఇవ్వాలి. చట్టం దానికి ఇంకో 15 రోజులు గడువిస్తుంది. అంటే జూన్ అద్దెకు జులై 20 ఆఖరు. (అగ్రిమెంటులో తేదీ రాసుకోనివాళ్ళకు ఆ మరుసటి నెల చివరి రోజు దాకా గడువు.) ఇప్పుడు లెక్కేసుకో. 5న తీసుకోనన్నాడు, 6న నోటీసు పోస్టు చేశావు, 8న అందిందనుకో, పది రోజులు 18తో అయిపోతాయి. 19న మనియార్డరు. ఒక్క రోజు మాత్రమే మిగిలింది చూశావా? అదే నువ్వు "వాడి కోపం తగ్గనీ" అని 12వ తేదీ దాకా ఆగి ఉంటే, పది రోజులు ముగిసేసరికి గడువు దాటిపోయేది. అలా ఆలస్యం అయ్యేలా ఉంటే నోటీసుతోనే ఆ నెల అద్దెకు చెక్కు కూడా పెట్టి పంపాలి. నోటీసు, మనియార్డరు చెయ్యాల్సిన పని ఆ చెక్కుతో తీరదు గానీ, గడువులోపల ఇవ్వబోయావనడానికి పనికొస్తుంది.

మనియార్డరు కూడా తీసుకోకపోతే పోస్టుమాన్ నిరాకరించినట్టు రాసి డబ్బు నీకు తిరిగిస్తాడు. ఆ రాత ఉన్న కాగితం చేతికి రాగానే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్ళాలి. హైదరాబాదులో రెంట్ కంట్రోలర్లు సిటీ స్మాల్ కాజెస్ కోర్టులో ఉంటారు. జిల్లాల్లో అయితే జూనియర్ సివిల్ జడ్జి కోర్టే ఆ పని చూస్తుంది. లాయరు 8(5) కింద పిటిషన్ వేస్తాడు. అగ్రిమెంటు, పెద్దాయన ఇన్నాళ్ళూ సంతకం పెట్టిన అద్దె పుస్తకం, నోటీసు కాపీ, పోస్టు రసీదు, అందినట్టు రుజువు లేదా తిరిగొచ్చిన కవరు, మనియార్డరు రసీదు, నిరాకరించిన కాగితం, ఇవన్నీ తేదీల వరసలో జత చెయ్యాలి. దానికి రెంట్ కంట్రోల్ కేసుగా ఆర్.సి. నంబరు పడుతుంది, ఓనరుకు నోటీసు వెళ్తుంది, డబ్బు చలానా మీద కడతావు. కట్టిన చలానా కాపీ ఫైలులో పడిందో లేదో ప్రతిసారీ కళ్ళారా చూసుకో. బ్యాంకులో కట్టేసి కాపీ ఇంట్లో పెట్టుకుంటే కోర్టు ఫైలుకు నువ్వు కట్టినట్టు తెలియదు. పిటిషన్ నంబరయ్యి డబ్బు కట్టించుకునేదాకా నెలలు పట్టినా, ఆ మధ్యలో వచ్చే ప్రతి నెల అద్దెనూ గడువు లోపల మనియార్డరు చేస్తూనే ఉండు. తిరిగొచ్చిన డబ్బు ఖర్చుపెట్టకు. కోర్టు అనుమతి ఇచ్చిన రోజున అంతా ఒక్కసారి కట్టాల్సి వస్తుంది.

అద్దెలో ఏమీ కోసుకోకు. పైకప్పు కురుస్తోందని నువ్వు వేయించిన రేకుల ఖర్చు న్యాయమైనదే కావచ్చు. దాన్ని వేరేగా అడుగు. 2,800 బదులు 2,300 డిపాజిట్ చేస్తే చట్టం కళ్ళకు అది బాకీయే.

ఒకవేళ పెద్దాయన పోయి, కొడుకూ కూతుళ్ళూ అద్దె మాకంటే మాకని కొట్టుకుంటే దారి వేరు. అప్పుడు 9వ సెక్షన్. ఎవరికివ్వాలో నిజంగా తేలనప్పుడూ, ఓనరు చిరునామాయే తెలియనప్పుడూ, మనియార్డరు దాకా వెళ్ళకుండా నేరుగా రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చెయ్యొచ్చు, సంగతేమిటో రాసివ్వాలి. అయితే చిరునామా తెలియదన్నవాడు వెతికినట్టు చూపించాలి. పాత అడ్రసుకు పంపిన ఉత్తరం "ఇక్కడ లేరు" అని తిరిగి వచ్చిన కవరు ఉంటే మాట నిలబడుతుంది. చిరునామా తెలిసిన రోజు నుంచి మళ్ళీ నేరుగా ఇవ్వాలి. తెలిసీ కోర్టులోనే కడుతూ కూర్చుంటే అది నీకే ఎదురు తిరుగుతుంది.

ఇంత చేసినా ఇది కాపాడేది "అద్దె కట్టలేదు" అన్న ఆరోపణ నుంచి మాత్రమే. మడిగె తన సొంత వ్యాపారానికి కావాలనో, నువ్వు ఇంకొకరికి అద్దెకిచ్చావనో అతను ఖాళీ చేయించమని పిటిషన్ వేస్తే దాన్ని వేరేగా ఎదుర్కోవాలి. ఆ పిటిషన్ నడుస్తున్నంత కాలం కూడా ప్రతినెలా అద్దె కట్టాల్సిందే. ఆపితే 11వ సెక్షన్ కింద నీ వాదన వినకుండానే ఖాళీ చెయ్యమని ఉత్తర్వు రావచ్చు.

నోటీసు ఇవాళే రాసి ఫోటో తీసి పంపు, నేను చూసి చెప్తాను. రేపు పొద్దున పోస్టాఫీసు తెరవగానే వెళ్ళు. వెళ్ళేటప్పుడు ఆ అద్దె పుస్తకం మాత్రం దుకాణంలో ఉంచకు, అమ్మ దగ్గర ఇంట్లో పెట్టించు.

ఆశీస్సులతో,
మీ మామయ్య